లాభానికి మూడు రెట్లు అడుగుతున్నారు, ఆ లాభంలో ఓనర్ జీతం ఉందా?

ప్రశ్న: చిన్న షాపు ఒకటి కొందామనుకుంటున్నాను. ఏడాదికి 12 లక్షల లాభం వస్తోందని, దానికి మూడు రెట్లు, అంటే 36 లక్షలు ఇమ్మని ఓనర్ అంటున్నాడు. పుస్తకాలు చూశాను, లాభం నిజమే. ఈ రేటు సరైనదేనా?

జవాబు: మూడు రెట్లు ఎక్కువా తక్కువా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ 12 లక్షలు ఓనర్ జీతం తీసేశాక మిగిలినవా, తీయకముందువా అడగండి. చిన్న షాపుల్లో చాలామంది జీతం రాసుకోరు, మిగిలిందంతా లాభమే అంటారు. కానీ షట్టర్ తీయడం నుంచి రాత్రి క్యాష్ లెక్క దాకా ఆయన చేసే పని రేపు మీరు చేయాలి, లేదా జీతమిచ్చి ఎవరినైనా పెట్టాలి.

నేను కొన్న షాపులో పుస్తకాల ప్రకారం లాభం 11 లక్షలు, అడిగింది 33. అందులో ఓనర్ సొంత కారు పెట్రోల్, ఇంటి ఫోన్ బిల్లు కలిపి 60 వేలు షాపు ఖర్చుగా రాశారు, ఒక్కసారే వచ్చిన రిపేర్ ఖర్చు 40 వేలు. ఇవి నాకు ఉండవు కాబట్టి కలిపితే 12 లక్షలయింది. అంతవరకు అమ్మేవాళ్లు సంతోషంగానే చెప్తారు! రెండో వైపు ఎవరూ చెప్పరు: మధ్యాహ్నాలు కౌంటర్‌లో కూర్చునేది ఆయన భార్య, జీతం లేదు, అక్కడ మనిషిని పెడితే లక్ష. ఓనర్ పనికి మేనేజర్‌ని పెడితే 5 లక్షలు. రెండూ తీస్తే షాపు సంపాదన 6 లక్షలే, మూడు రెట్లంటే 18.

ఓనర్ జీతం తీయకుండా లెక్కేసే పద్ధతీ ఉంది, అది తప్పేం కాదు. అప్పుడు 12 లక్షల్లోంచి ఆయన భార్య పనికి లక్ష మాత్రమే తీస్తాం, సంపాదన 11 లక్షలు అవుతుంది, కానీ రెట్లు తగ్గాలి: అదే 18 లక్షలకి అది సుమారు 1.6 రెట్లు. జీతం తీయని లాభాన్ని జీతం తీశాక వాడే రెట్లతో గుణించడమే అసలు గోల్‌మాల్, మీ ఓనర్ చేస్తున్నదీ బహుశా అదే.

తీయాల్సింది ఆయన రాసుకున్న జీతం కాదు, ఆ పనికి బయట ఇచ్చే జీతం. ఆయన 8 లక్షలు తీసుకుంటూ ఉండి, 5 లక్షలకే మనిషి దొరికితే, ఆ 3 లక్షలు లాభానికి కలపాలి, అది ఆయనకే లాభం. బిల్డింగ్ ఆయనదే అయితే అద్దె కూడా ఇలాగే చూడండి. సొంతం కాకపోతే లీజు ఎన్నాళ్లుందో చూడండి, ఏడాదిలో అయిపోయేదైతే నేను మూడు రెట్లు ఇవ్వను.

"పుస్తకాల్లో లేని అమ్మకాలు కూడా ఉన్నాయి" అంటే వాటికి రూపాయి కూడా ఇవ్వకండి, కనీసం మూడేళ్ల టాక్స్ రిటర్న్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లు, సప్లయర్ల బిల్లులు ఒకదానితో ఒకటి సరిపోవాలి. స్టాక్ ఈ రేటులో ఉందా లేదా విడిగా రాయించుకోండి. నేను దాన్ని వేరుగా లెక్కపెట్టించి కొన్న ధరకే తీసుకున్నాను, ఏడాదిగా కదలని సరుకు ఆయనకే వదిలేశాను.