సీలు తీయని ఆ మూడు క్యాన్లు ఎవరికీ ఇవ్వకండి

ప్రశ్న: గృహప్రవేశానికి దగ్గర్లోని వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు 15 తెప్పించాం. మర్నాడు బంధువుల్లో 8 మందికి వాంతులు, విరేచనాలు. మా అత్తగారు రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. అయిపోవచ్చిన ఒక క్యాన్ అడుగున ఆకుపచ్చ పొర కనిపించింది. ఐఎస్‌ఐ గుర్తు ఉంది కదా అని నమ్మి తెప్పించాం. బిల్లు లేదు, యూపీఐలో డబ్బు పంపాం. మూడు క్యాన్లు సీలు తీయకుండా మిగిలాయి. అవి తిరిగి పంపేస్తే మొత్తం డబ్బు, పైన పదివేలు ఇస్తానని ప్లాంటాయన అంటున్నాడు. జరిగి 12 రోజులైంది. బంధువుల ముందు తల ఎత్తుకోలేకపోతున్నాం. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ముందు ఆ మూడు క్యాన్లు ఎక్కడున్నాయో చూసుకోండి. ప్లాంటాయన పదివేలు ఇస్తానంటున్నది మీ అత్తగారి వైద్యానికి కాదు, వాటికి. అవి చేయి దాటిపోతే మీ దగ్గర మిగిలేది మాట మాత్రమే. రాజీ పడదలిస్తే పడండి, అది మీ ఇష్టం. కానీ పరీక్ష జరగకముందే క్యాన్లు అప్పగించి, ‘ఇక ఏ అభ్యంతరమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెడితే ఆ తర్వాత ఏ వకీలూ మీకు పనికిరాడు.

ఈ కేసును తేల్చేది విరేచనాలు కాదు. ఎనిమిది మందీ నీళ్లు తాగారు, భోజనమూ చేశారు. కారణం నీళ్లే అని చెప్పాలంటే వైద్యుడి చీటీలు, ఆ రోజుల్లో చేయించిన మల పరీక్ష ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ క్యాన్లో నీళ్లు తాగి భోజనం చేయని మనిషి ఒక్కరైనా దొరకాలి. అలాంటి సాక్ష్యం ఉంటే మంచిదే. లేకపోతే ఆ భాగం బలహీనమని ఒప్పుకుని పక్కన పెట్టండి. సీలుతో ఉన్న నీళ్లు ప్రమాణానికి లోబడి లేవని తేలినా, క్యాన్ మీద రాసింది అబద్ధమని తేలినా చాలు. ఎవరికీ జబ్బు చేయకపోయినా అది లోపమున్న సరుకే. రెండు వాదనలూ ఫిర్యాదులో విడివిడిగా రాయించండి. ఒకదాని బలహీనత రెండోదాన్ని లాగేయకూడదు.

ఆకుపచ్చ పొర ఉన్న క్యాన్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మూత తీశాక ఆ నీళ్లలోకి ఏది చేరినా, ఎక్కడ చేరిందని అడుగుతారు. ఎండలో పెట్టారు, గ్లాసు ముంచారు అంటాడు అవతలి వకీలు. దాన్ని ప్రైవేటు ల్యాబుకు పట్టుకెళ్లి రిపోర్టు తెచ్చుకోవాలనిపించడం సహజం. ఆ రిపోర్టు క్యాన్‌లో ఏముందో చెబుతుంది గానీ, అది ప్లాంటు నుంచే వచ్చిందని చెప్పదు. సీలు ఉన్నదాన్ని మీరే తెరిచి టెస్టుకు పంపడం ఇంకా నష్టం, ఉన్న సాక్ష్యాన్ని మీ చేతులతోనే చెడగొట్టుకున్నట్టు. ఖాళీ క్యాన్‌కు కొత్త మూత బిగించి, బయట దొరికే ప్లాస్టిక్ తొడుగు వేసి ‘సీలుదే’ అని చూపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది దొంగ సాక్ష్యం సృష్టించడమే, భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద జైలుకెళ్లాల్సింది మీరు.

ఇప్పుడు ఆ మూడింటినీ వెలుతురులో పెట్టి ఒక్కొక్కటీ చదవండి. డబ్బు ఇచ్చే ముందు చేయాల్సిన పని ఇది. ఐఎస్‌ఐ బొమ్మ కనబడగానే నమ్మేశారు, దాని పైనా కిందా ఏముందో చూడలేదు. అసలు గుర్తుకు పైన ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటాయి. మామూలు ప్యాకేజ్డ్ తాగునీటి ప్రమాణం ఐఎస్ 14543, సహజ మినరల్ వాటర్‌ది ఐఎస్ 13428. ఈ రెండు అంకెలూ లేని బొమ్మను ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. ఈ గుర్తుకు లైసెన్సు ఇచ్చే బీఐఎస్ సంస్థ ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సీఎం/ఎల్ నంబరు కొడితే లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఏ సరుకుకో, ఇప్పుడు అమల్లో ఉందో కనిపిస్తుంది. పేరు కలవకపోయినా, గడువు తీరిపోయినా, తెర మీది సమాచారాన్ని స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్యాకేజ్డ్ నీళ్లకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అన్న నిబంధనను దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 అక్టోబరులో తొలగించింది. కాబట్టి ‘గుర్తు లేదు’ అన్న ఒక్క కారణంతో ఇప్పుడు కేసు నిలబడదు. లైసెన్సు లేకుండా గుర్తు వేసుకోవడం మాత్రం బీఐఎస్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం నేరమే. మీ కేసులో ఆ నంబరు దొంగదని తేలితే ప్లాంటాయనకు ఇక చెప్పుకోవడానికేమీ ఉండదు, ఫిర్యాదు బీఐఎస్‌కు కూడా పంపొచ్చు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు సంగతి వేరు. అది తప్పనిసరి, 14 అంకెలుండాలి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారికిచ్చే రిజిస్ట్రేషన్. foscos.fssai.gov.in లో ఆ నంబరుతో వెతికి, పేరు, చిరునామా, అనుమతించిన సరుకు లేబుల్ మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో చూడండి. పక్క ఊరి బేకరీ నంబరు వేసుకున్నా లేబుల్ చూసినంత మాత్రాన తెలియదు.

నీటి మూలం దగ్గర జనం ఎక్కువ మోసపోతారు. ఐఎస్ 14543 నీళ్లు బోరు నుంచైనా, చెరువు నుంచైనా తీసి శుద్ధి చేయొచ్చు, అది తప్పు కాదు. సహజ మినరల్ వాటర్ అయితే దాని మూలం ఎక్కడిదో లేబుల్ మీద ఉండాలి. పైన 14543 అని ఉండి పక్కన ‘మినరల్ వాటర్’ అని పెద్దక్షరాలతో ఉంటే, ఆ పెద్దక్షరాలు అబద్ధం. ఆహార భద్రతా చట్టంలో దాన్ని మిస్‌బ్రాండింగ్ అంటారు, 52వ సెక్షన్ కింద జరిమానా 3 లక్షల దాకా ఉంటుంది. చిరునామా చదివేటప్పుడు ‘మార్కెటెడ్ బై’ దగ్గర ఆగిపోకండి, నీళ్లు నింపినవాడి పేరు కావాలి. ఆ పేరు లేకుండా నోటీసు ఎవరికిస్తారు?

సీలు కూడా అలాగే చూడాలి. ప్లాస్టిక్ తొడుగు ఒక్కటి ఉంటే చాలదు, అది విడిగా దొరుకుతుంది, వేడి గాలి తగిలిస్తే బిగుసుకుంటుంది. దాని కింద మూతకు చింపాల్సిన పట్టీ ఉంటుంది. అది తెగి ఉందా, మూత అంచు మీద పాత గీతలున్నాయా చూడండి. క్యాన్ పక్కకు వంచితే మూత దగ్గర చెమ్మ రాకూడదు. తేదీ ముద్ర గోరుతో గీకితే రాలిపోతుందా అన్నది వేరే క్యాన్ మీద చూసుకోండి, వీటిని గీకొద్దు. క్యాన్ ఒంటి మీద పోతపోసిన పేరొకటి, లేబుల్ మీద పేరొకటి ఉంటే అది వేరే కంపెనీ క్యాన్‌లో నింపిన నీళ్లు కావొచ్చు. చివరగా మూడు క్యాన్ల బ్యాచ్ నంబర్లూ రాసుకోండి. ఒకటే బ్యాచ్ అయితే ఒకదాని ఫలితం మిగతావాటికీ వర్తిస్తుందని వాదించొచ్చు. వేర్వేరు అయితే మూడూ మూడు వస్తువులు. మీరు వాడేసిన 12 క్యాన్ల మూతలు, తొడుగులు చెత్తలో పోయాయనే అనుకుంటున్నాను. అవి ఉంటే ఈ వాదన ఎంత సులువయ్యేదో!

గడువు గురించి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ రెండేళ్లు ఇస్తుంది. ఆహార భద్రతా చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు 77వ సెక్షన్ ఏడాది ఇస్తుంది. ఈ అంకెలు చూసి నిదానించకండి, మీ అసలు గడువు క్యాన్ మీదే ముద్రించి ఉంది. ప్యాకింగ్ తేదీ నుంచి 30 రోజుల్లోపు వాడాలని రాసి ఉంటే, మీకు మిగిలింది మహా అయితే రెండున్నర వారాలు. అది దాటాక పరీక్షలో ఏది తేలినా ‘గడువు తీరిన నీళ్లు’ అనేస్తాడు. అప్పటిదాకా క్యాన్లను ఎండ, వెలుతురు తగలని చల్లటి గదిలో ఉంచండి. వెలుతురులో నాచు పెరిగితే ఆ తప్పు మీ మీద పడుతుంది.

మూడు క్యాన్లనూ అన్ని వైపులా ఫొటోలు తీసి ఈ వారంలోనే జిల్లా ఆహార భద్రతా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆహార భద్రతా చట్టం 38వ సెక్షన్ ప్రకారం అమ్మకానికున్న ఆహారం నుంచే కాదు, అమ్మేసినట్టు కనిపించే ఆహారం నుంచి కూడా ఆయన నమూనా తీసుకోవచ్చు. ఆ మాట ఫిర్యాదులో రాయండి. ఒక క్యాన్ ఆయన ముందు పెట్టండి, ప్లాంటులో అదే బ్యాచ్ సరుకు మిగిలుంటే అక్కడా నమూనా తీయమని అడగండి. పరీక్షలో చూడాల్సింది ముందు ఈ-కోలై, కోలిఫాం అనే బ్యాక్టీరియా. 250 మిల్లీలీటర్ల నీటిలో రెండూ అసలు ఉండకూడదు.

అదే ప్లాంటులో కొత్త క్యాన్ కొని పరీక్ష చేయించే హక్కు ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద మీకూ ఉంది. ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుకు పంపొచ్చు. కానీ కొనేటప్పుడే ‘దీన్ని పరీక్షకు పంపిస్తున్నాను’ అని అమ్మేవాడికి చెప్పాలని అదే సెక్షన్ షరతు పెడుతోంది. చాలామంది రహస్యంగా కొని ఇక్కడే దెబ్బతింటారు. చెప్పిన సంగతి ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి, ఇవ్వనంటే ఇద్దరు సాక్షుల ముందు చెప్పండి. అయినా అది ప్లాంటు ఇప్పటి పరిస్థితిని చూపుతుందే తప్ప మీ గృహప్రవేశం నాటి నీళ్లను కాదు.

రెండో క్యాన్ కమిషన్‌ కోసం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుతో పాటే వినియోగదారుల రక్షణ చట్టం 38(2)(సి) కింద దరఖాస్తు పెట్టి, సీలు వేసి తగిన ల్యాబుకు పంపమని కోరండి. ల్యాబు ఖర్చు మిమ్మల్నే ముందు కట్టమనవచ్చు. సరుకుకు మీరిచ్చిన డబ్బు 5 లక్షలు దాటనప్పుడు కోర్టు ఫీజు లేదు. మీరుంటున్న జిల్లాలోనే వేయొచ్చు. డబ్బిచ్చింది మీరే అయినా, మీ అనుమతితో వాడిన మీ బంధువులూ చట్టం దృష్టిలో వినియోగదారులే. మూడో క్యాన్ ఎవరూ ముట్టకుండా ఉంచండి.

బిల్లు లేకపోవడం ఇబ్బందే గానీ కేసు పోదు. యూపీఐ లావాదేవీ నంబరు, ఆర్డరు పెట్టిన మెసేజ్‌లు, ప్లాంటాయన ‘పదివేలు ఇస్తాను’ అన్న మెసేజ్ ఏదైనా ఉంటే అది, ఏవీ చెరపకండి. ఫోన్ మార్చకండి. కోర్టులో వీటికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. డబ్బు డెలివరీ కుర్రాడి ఖాతాకు వెళ్లి ఉంటే, అతను ఆ ప్లాంటు మనిషేనని చూపే మెసేజ్ కూడా తీసిపెట్టండి.

ఆ తర్వాత ప్లాంటాయనకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. బ్యాచ్ నంబర్లు, క్యాన్లు మీ దగ్గర భద్రంగా ఉన్నాయన్న మాట, జవాబుకు 15 రోజుల గడువు అందులో ఉండాలి. ఖాళీ క్యాన్లకు డిపాజిట్ ఇచ్చి ఉంటే వాటినీ అడుగుతాడు. ఆకుపచ్చ పొర ఉన్నదాన్ని పక్కన పెట్టి, మిగిలిన 11 మాత్రం ఇచ్చి, ఎన్ని ఇచ్చారో, ఎన్ని ఎందుకు ఉంచుకున్నారో రాసిన కాగితం మీద అతని సంతకం తీసుకోండి.