స్కిప్పరు మీద షావుకారు

సందేహం: క్రికెట్ వార్తల్లో కెప్టెన్‌ని 'స్కిప్పర్' అంటారు. స్కిప్ అంటే గెంతడం కదా, కెప్టెన్ గెంతుతాడా అని మా అబ్బాయి అడిగాడు. స్కిప్పర్, కుకీ, యాచ్ ఇవన్నీ డచ్చివాళ్ల మాటలని ఎక్కడో చదివాను. నిజమేనా? తెలుగులో యాచ్ అని రాయాలా, యాట్ అని రాయాలా?
– ఒక పాఠకురాలు, బందరు

సమాధానం: చివరి ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. యాట్ అని రాయండి. మన పత్రికల్లో యాచ్ అని కనిపించడానికి కారణం అక్షరాలను చూసి పలకడమే. మధ్యలో ఉన్న సీహెచ్‌ని 'చ' అనుకుంటాం. డచ్చి భాషలో అది 'చ' కాదు, గొంతులోంచి గరగరమంటూ వచ్చే ఒక రకం 'ఖ'. వాళ్ల నోట ఆ మాట దాదాపు 'యఖ్ట్'. ఈ శబ్దం ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఉండేది. నైట్ అనే మాటలో ఇప్పుడు పలకని జీహెచ్ దాని గుర్తే. యఖ్ట్ ఇంగ్లీషులోకి వచ్చేసరికి వాళ్లు ఆ శబ్దాన్ని దాదాపుగా పోగొట్టుకున్నారు. అందుకే మాటను తీసుకుని, రాతలో సీహెచ్ ఉంచి, నోటితో మింగేశారు.

మీరన్న మూడూ డచ్చి మాటలే, స్కిప్పర్ విషయంలో మాత్రం చిన్న సందేహం ఉంది. వాటిలో యఖ్ట్ అంటే వేట. 'వేట ఓడ' అనే జంట మాటలో ఓడ జారిపోయి వేట ఒక్కటే మిగిలింది. మనం 'రైలుబండి'ని రైలు అనేసినట్టు. అయితే ఈ వేట జంతువులది కాదు. బరువైన సరుకు ఓడలు మెల్లగా కదులుతుంటే, దొంగ ఓడలను తరమడానికీ, ముందు వెళ్లి తీరం చూసి రావడానికీ, కబురు మోయడానికీ ఒక తేలికైన చురుకు పడవ కావాలి. అదే యాట్. డచ్చి ఈస్టిండియా కంపెనీ దగ్గర ఇలాంటివి చాలా ఉండేవి. 1606లో ఆస్ట్రేలియా తీరాన్ని తాకిన 'డైఫ్కెన్' ఒక యాటే. యూరప్ ఓడ ఏదైనా ఆ నేలను చేరినట్టు మనకు తెలిసిన మొదటి సందర్భం అదే.

మరి పని పడవ విలాసాల పడవ ఎప్పుడైంది? 1660లో. ప్రవాసంలో ఉన్న రెండో చార్లెస్ ఇంగ్లండు సింహాసనం ఎక్కడానికి తిరిగి వచ్చినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ నగరం అతనికి 'మేరీ' అనే యాట్‌ను కానుకగా ఇచ్చింది. రాజుగారికి తరమాల్సిన దొంగలెవరూ లేరు, షికారుకు వాడుకున్నాడు. రాజు చేసినది దొరలు చేశారు, దొరలు చేసినది డబ్బున్నవాళ్లు చేశారు. వేట అన్న మాట షికారులోకి దిగింది. షికారు అంటే కూడా ఫారసీలో వేటే. తెలుగులోకి వచ్చాక అదీ సరదా తిరుగుడు అయిపోయింది. రెండు భాషల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వేట ఇలా విహారంగా మారడం నాకు ముచ్చటగా తోస్తుంది.

కుకీకి సముద్రంతో ఉన్న బంధం కాస్త దూరపుది. 1609లో హెన్రీ హడ్సన్ అనే ఇంగ్లీషువాడు డచ్చి కంపెనీ కొలువులో 'అర్ధచంద్రుడు' అనే అర్థం వచ్చే పేరున్న చిన్న ఓడ మీద ఆసియాకు దగ్గరి దారి వెతుకుతూ వెళ్లి అమెరికాలో ఒక నదిలోకి దూరాడు. ఆ నదికి ఇప్పుడు అతని పేరే. అతని వెనక డచ్చి వర్తకులు వెళ్లి, నది ముఖాన న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అనే ఊరు కట్టారు. 1664లో ఇంగ్లీషువాళ్లు ఆ ఊరిని పట్టుకుని న్యూయార్క్ అని పేరు మార్చారు గాని, అక్కడి వంటిళ్లను మార్చలేకపోయారు. డచ్చిలో 'కూక్' అంటే కేకు లాంటి రొట్టె. దానికి చిన్నతనం సూచించే 'యె' చేర్చి 'కూక్యె' అంటే చిట్టి రొట్టె. అమెరికావాళ్ల కుకీ అదే. వండడం అనే అర్థమున్న ఇంగ్లీషు 'కుక్'కీ దీనికీ చుట్టరికం లేదు. నిజానికి ఆ వరసలో అసలైన సముద్రపు తిండి కుకీ కాదు, బిస్కెట్. ఆ మాటకు లాటిన్‌లో 'రెండుసార్లు కాల్చినది' అని అర్థం. నెలల తరబడి ఓడలో పాడవకుండా ఉండాలని తేమంతా పోయేలా కాల్చిన గట్టి రొట్టె అది.

ఇక స్కిప్పర్. మీ అబ్బాయితో చెప్పండి, గెంతడం అనే స్కిప్ వేరే మాట, ఈ స్కిప్పర్ ఓడ నుంచి పుట్టాడు. ఓడను పాత ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ ఒకే తాత మాట నుంచి తెచ్చుకున్నారు. ఇంగ్లీషులో దాని మొదటి శబ్దం 'ష' అయి షిప్ అయింది. డచ్చివాళ్లు 'స్క' శబ్దాన్ని చాలాకాలం అట్టేపెట్టుకున్నారు. ఆ రోజుల్లోనే, అంటే 14వ శతాబ్దం చివరి నాటికే, 'ఓడవాడు' అనే అర్థంతో స్కిప్పర్ ఇంగ్లీషులోకి వచ్చేశాడు. ఇది డచ్చిదా, పక్కనే ఉన్న ఉత్తర జర్మనీ రేవుల భాషదా అని గీత గీసి చెప్పడం కష్టం. ఆ రెండు యాసలూ రేవుల్లో కలగలిసి ఉండేవి.

ఈ స్కిప్పర్ ఓడకు అధిపతి అనుకుంటాం. డచ్చి కంపెనీ ఓడల్లో కాదు. అక్కడ స్కిప్పరుకు పైన ఇంకొకడు ఉండేవాడు. అతని హోదా పేరు 'ఒప్పర్‌కోప్మన్', మాటకు మాట చెబితే పెద్ద షావుకారు. తెరచాపలు ఎప్పుడు ఎత్తాలో, చుక్కాని ఎటు తిప్పాలో స్కిప్పరుకు తెలుసు. ఓడ ఎటు పోవాలి, ఏ రేవులో ఆగాలి అన్నది మాత్రం షావుకారు చెప్పాలి. సముద్రం గురించి ఓనమాలు రాని మనిషైనా సరే, సరుకు అతని బాధ్యత గనక మాట అతనిదే.

ఈ ఏర్పాటు ఎలా బెడిసికొట్టగలదో 'బటావియా' ఓడ చూపించింది. 1628 అక్టోబరులో హాలండ్ నుంచి జావాకు బయలుదేరిన ఆ ఓడలో పెద్ద షావుకారు ఫ్రాన్సిస్కో పెల్సార్ట్. అంతకుముందు ఏళ్ల తరబడి మన ఆగ్రాలో కంపెనీ వ్యాపారం చూసినవాడు. స్కిప్పరు పేరు ఆరియన్ యాకబ్జ్. ఇద్దరికీ సూరత్‌లో ఉండగానే చెడింది. దారి పొడవునా ఆ పగ ఓడలోనే ఉంది. 1629 జూన్ 4 తెల్లవారుజామున ఆస్ట్రేలియా పడమటి తీరానికి దూరంగా, ఎదురుగా తెల్లగా కనిపించినదాన్ని నీళ్ల మీద వెన్నెల అనుకున్నాడు స్కిప్పరు. అది రాళ్ల మీద విరుగుతున్న కెరటాల నురగ. ఓడ ఆ దిబ్బల మీదికి ఎక్కేసింది. ఆ తర్వాత దీవుల్లో జరిగిన హత్యాకాండ వేరే కథ, ఇక్కడ మన పని మాటలతో.

ఓడ మునిగితే షావుకారుకు పోయేది సరుకు. నావికుడికి పోయేది జీతం. ఈ ముక్క 'ఫ్రెయిట్' అనే మాటలో దాక్కుని ఉంది, ఇదీ ఆ రేవుల భాష నుంచి వచ్చినదే. మనం దాన్ని సరుకు అనుకుంటున్నాం, రైళ్ల వల్ల ఆ అర్థం బలపడింది కూడా. దాని మొదటి అర్థం సరుకు కాదు, సరుకు మోసినందుకు ఓడకు ఇచ్చే కిరాయి. 'కిరాయే జీతానికి తల్లి' అని ఇంగ్లీషు సముద్ర న్యాయంలో ఒక సూత్రం ఉండేది. సరుకు రేవు చేరితేనే కిరాయి. ఓడ దారిలో మునిగితే కిరాయి లేదు, కాబట్టి బతికి బయటపడ్డ నావికుడికి అన్ని నెలల చాకిరీకీ జీతమూ లేదు. బ్రిటన్‌లో 1854 నాటి చట్టం వచ్చేదాకా ఇదే నడిచింది. 'ప్రమాదంతో నిండిన' అనే అర్థంలో ఇంగ్లీషువాళ్లు వాడే 'ఫ్రాట్' ఈ ఫ్రెయిట్‌కి తోబుట్టువే. ఓడ నిండా సరుకు ఉన్నట్టు మనసు నిండా భయం అన్నమాట.

ఈ పాత అర్థం పోలేదు, కాగితాల్లో బతికే ఉంది. నా దగ్గర అనువాదం నేర్చుకున్న ఒక కుర్రాడు ఎగుమతుల ఆఫీసులో చేరి, ఓడ సరుకు రసీదును, అదే బిల్ ఆఫ్ లేడింగ్‌ను, తెలుగు చేశాడు. 'ఫ్రెయిట్ కలెక్ట్' అని ఉన్నచోట 'సరుకు సేకరించవలెను' అని రాశాడు. అక్కడ ఉన్నది 'కిరాయి దిగుమతి చేసుకునేవారి దగ్గర వసూలు' అని. 'ఫ్రెయిట్ ప్రీపెయిడ్' అని ఉంటే కిరాయి ముందే ముట్టింది అని. అదే కాగితంలో పైన ఎడమవైపు గడిలో 'షిప్పర్' అని ఉంటుంది. దాన్ని అతను 'ఓడ నడిపేవాడు' అన్నాడు. ఇంగ్లీషులో షిప్పర్ అంటే ఒకప్పుడు నావికుడు కూడా, కానీ ఇప్పుడు ఆ గడిలో రాయాల్సింది సరుకు పంపేవాడి పేరు. అంటే షావుకారు! ఒకే ఓడ మాటకు ఇద్దరు పిల్లలు, 'స్క'తో పలికితే చుక్కాని దగ్గరున్నవాడు, 'ష'తో పలికితే గోదాము దగ్గరున్నవాడు. ఫ్రెయిట్‌కి మన దగ్గర మాట లేక కాదు. పడవ కూలిని 'కేవు' అనేవాళ్లు. ఇప్పుడు వాడితే ఎవరికీ తెలియదు గనక కిరాయి అనడమే మేలు.

తెలుగు పత్రికలు కెప్టెన్‌ని 'సారథి' అంటాయి, అది నాకు నచ్చిన వాడుక. సారథి కూడా స్కిప్పరు లాంటివాడే. గుర్రాల పగ్గాలు అతని చేతిలో, యుద్ధం చేసేదీ రథం ఎటు పోవాలో చెప్పేదీ రథికుడు. సేనల మధ్యకు రథాన్ని తీసుకుపొమ్మని అర్జునుడు చెబితే కృష్ణుడు తోలాడు. ఇద్దరికీ పదోన్నతి ఇచ్చింది మాత్రం ఆటల విలేకరులే.

ఇంకో మాటకు దీనికి తలకిందులు జరిగింది. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఫారసీలో దాని మూలం 'సర్హంగ్', అంటే సేనానాయకుడు. అక్కడ సేనను నడిపినవాడు ఓడల మీద కళాసీల పెద్దగా మారి, మన దగ్గరకొచ్చేసరికి లాంచీ చక్రం పట్టుకున్నాడు. మీ ఊళ్లోనే ఉన్న వలందపాలెం పేరులోని 'వలంద' కూడా హాలండే, డచ్చివాళ్లను మనవాళ్లు వలందులనేవారు. మీ అబ్బాయిని ఒకసారి అటు తీసుకెళ్లి, ఆ పేరు ఎందుకొచ్చిందో అడిగి చూడండి.