నలభై పేపర్ల చదువు జాబితా: సమాధానం

"ఆర్కే బీచ్ కోత మీద థీసిస్. నలభై పేపర్ల లిస్టు ఉంది. ఒక్కోదానికి సారాంశం, ఔచిత్యం, కొటేషన్ రాయమన్నారు మా గైడ్ గారు. ఎక్కడ మొదలెట్టాలి?"

సారాంశంతో మాత్రం మొదలెట్టకండి. అలా చేస్తే అందరూ అబ్‌స్ట్రాక్టునే కాస్త మార్చి దించేస్తారు, గైడ్లకి అది చూడగానే తెలిసిపోతుంది. ముందు ఔచిత్యం రాయండి, అదీ మీ అధ్యాయం పేరుతో సహా.

ఉదాహరణకి శాటిలైట్ చిత్రాలతో తీరరేఖ కొలిచిన పేపర్ ఒకటి మీ లిస్టులో ఉందనుకుందాం. "నా పరిశోధనకు ఉపయోగపడుతుంది" అన్న వాక్యం ఏ పేపర్‌కైనా అతుకుతుంది కాబట్టి పనికిరాదు. "ఔటర్ హార్బర్ గోడలు ఉత్తరానికి కదిలే ఇసుకను ఆపుతున్నాయన్న మూడో అధ్యాయం వాదనకి ఇది కొలతలిస్తుంది, కానీ 2014 హుద్‌హుద్‌కి ముందే ఆగిపోతుంది" అని రాస్తే అసలు పని అయినట్టే. అలాంటి వాక్యం రాయలేని పేపర్‌ని వేరే ఫైల్లో పడేయండి, లిస్టు దానంతటదే తగ్గుతుంది.

ఆ తర్వాత సారాంశం మూడు నాలుగు వాక్యాలు చాలు: ఏం అడిగారు, ఎలా కొలిచారు, ఏం తేలింది, ఎక్కడ ఆగారు.

కొటేషన్ దగ్గరే అసలు టెన్షన్. పరిచయం భాగంలోంచి తీయకండి, అక్కడి మాట చాలాసార్లు ఇంకొకరి పేపర్‌లోది, పక్కనే బ్రాకెట్లో వేరే పేరు కనిపిస్తుంది. ఫలితాలు, చర్చ భాగాల్లోంచి ఒక్క వాక్యం తీసి, అక్షరం మార్చకుండా పేజీ నంబరుతో పెట్టండి; ఆ నంబరు పీడీఎఫ్ వ్యూయర్ చూపించేది కాదు, పేజీ మీద అచ్చయినది.