కోతల మొత్తాన్ని నమ్మకండి, వరుసలు మీరే కూడండి

ప్రశ్న: మా తమ్ముడు తన జీతం స్లిప్పు ఫోటో తీసి పంపాడు. మొత్తం జీతంలోంచి మొత్తం కోతలు తీసేస్తే కింద వేసిన నికర జీతం సరిగ్గానే వస్తోంది. ఇక ఏమీ చూడక్కర్లేదు కదా?

చూడాలండి. మీరు చేసింది చివరి మెట్టు మాత్రమే. అచ్చు వేసిన రెండు మొత్తాలను తీసుకుని ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే, ఆ మొత్తాలే తప్పయినప్పుడు కూడా లెక్క చక్కగా కుదురుతుంది. మా మేనల్లుడి విషయంలో జరిగింది అదే. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్కలు ఇరవై ఎనిమిదేళ్లు రాసిన మనిషిని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, స్లిప్పుల్లో తప్పు దాక్కునేది కోతల వైపే.

మావాడు విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల గోడౌనులో పనిచేస్తాడు. ఒక రాత్రి బ్రాడీపేటలోని మా ఇంటికి ఫోను చేసి, "మామయ్యా, నాకు లెక్క తెలియదు కానీ చేతికి తక్కువ వస్తున్నట్టుంది" అన్నాడు. స్లిప్పు ఫోటో పంపమన్నాను. ట్యూబులైటు కింద నిలబడి, సొంత నీడ కాగితం మీద పడేలా, ఏటవాలుగా తీసి పంపాడు. పైగా కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో తిప్పినది. ఇప్పటి పిల్లల ఫోన్లలో కెమెరాలకు కొదవ లేదు, కాగితాన్ని బల్ల మీద పరిచి తిన్నగా పైనుంచి తీసే ఓపికే లేదు. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే బొమ్మ నలిగి అంకెలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి, సగం కష్టం తీరుతుంది.

నేను మొదట చేసే పని, మొత్తాలున్న గడులను ఒక చీటీతో మూసేయడం. మొత్తం ముందే కనిపిస్తే కన్ను దానికి సరిపడే అంకెనే చదువుతుంది. వచ్చే జీతం వైపు వరుసలను కాగితం మీద రాసుకున్నాను. బేసిక్ 9,500, ఇంటి అద్దె భత్యం 3,300, ప్రయాణ భత్యం 1,600, ప్రత్యేక భత్యం 2,900. కూడితే 17,300 వచ్చింది. చీటీ తీసి చూస్తే స్లిప్పులో 17,800 ఉంది.

తేడా 500. ఇలా తేడాలో ఒక్క స్థానంలోనే అంకె ఉండి మిగతావి సున్నాలయితే, కూడికను తిట్టుకోకుండా ఆ స్థానంలోని అంకెలను మళ్లీ చూడాలి. వందల స్థానంలో ఐదు తేడా అంటే మూడును ఎనిమిదిగానో, ఎనిమిదిని మూడుగానో చదివినట్టు. అద్దె భత్యం మీదుగా మడత పోయింది. మావాడి కంపెనీలో అద్దె భత్యం బేసిక్‌లో నలభై శాతమని వాడి నియామక పత్రంలోనే ఉంది. 9,500లో నలభై శాతం 3,800. అంటే అది ఎనిమిదే, దాని ఎడమ అంచును మడత మింగేసింది. ఫోటోలో చెరిగిన అంకెను ఊహించి వేయకూడదు, ఇలా మరో అంకె నుంచి రాబట్టాలి. మొత్తం 17,800 సరే.

ఇక కోతలు. పీఎఫ్ 1,140, అంటే బేసిక్‌లో పన్నెండు శాతం, సరిపోయింది. ఈఎస్‌ఐ 134. మొత్తం జీతంలో 0.75 శాతం అంటే 133.50, పైసలుంటే పై రూపాయికి పెంచుతారు కాబట్టి అదీ సరే. వృత్తి పన్ను 150. మన రాష్ట్రంలో జీతం 15,000 దాటి 20,000 వరకు ఉంటే అంతే. అడ్వాన్సు కోత 1,500, అది వాడు తీసుకున్నదే. నాలుగూ కూడితే 2,924. స్లిప్పులో వేసిన మొత్తం కోతలు 4,064. నికర జీతం 13,736. అంకెల్లోనూ అదే, అక్షరాల్లోనూ అదే, బ్యాంకులో పడినదీ అదే. 17,800లోంచి 4,064 తీసేస్తే సరిగ్గా 13,736. మీరు చూసినట్టు చూసి ఉంటే "అంతా బాగుంది" అని పడుకునేవాణ్ణి.

ఫోటోలో ఒక వరుస మడత కింద పోయిందేమో అనుకున్నాను. కాగితం మీద గ్లాసులు పెట్టి సాఫు చేసి మళ్లీ తీయించాను. కొత్త వరుస ఏదీ లేదు. అప్పుడు తేడా ఎంతో చూశాను. 4,064లోంచి 2,924 పోతే 1,140. తేడా ఏదో ఒక వరుసకు పైసాతో సహా సమానమైతే, ఆ వరుస రెండుసార్లు పడిందన్నమాట. పీఎఫ్ రెండుసార్లు పట్టారు.

మావాణ్ణి పీఎఫ్ పాస్‌బుక్ తెరవమన్నాను. అందులో ఉద్యోగి వాటా 1,140, యజమాని వాటా 349, పింఛను 791 ఉన్నాయి. ఈ చివరి రెండూ కలిపితే మళ్లీ 1,140. వీడి జీతంలోంచి రెండోసారి తీసినది యజమాని వాటాగా వెళుతోంది. 1952 నాటి పీఎఫ్ పథకం 31వ పేరా యజమాని తన వాటాను ఉద్యోగి జీతంలోంచి పట్టుకోకూడదని స్పష్టంగా చెబుతుంది. స్లిప్పు అడుగున "యజమాని వాటా" అని సమాచారం కోసం వేరుగా చూపితే తప్పు కాదు, అది కోతల కూడికలో చేరకూడదు.

అకౌంట్స్ వాళ్లకు ఫోను చేస్తే ఒక అమ్మాయి, "కంప్యూటర్ తీసిందండీ, తప్పు రాదు" అంది. నాకు ఒళ్లు మండింది. ఏ వరుసలు కూడాలో కంప్యూటర్‌కు చెప్పింది మనిషే కదా! వరుసలూ మొత్తమూ పక్కపక్కన రాసి మావాడి చేత మెయిల్ పంపించాను. రెండు రోజుల్లో ఒప్పుకున్నారు. యజమాని వాటా కోసం షీటులో కొత్త వరుస చేర్చి దాన్ని దాచేశారట, కూడిక మాత్రం దాన్నీ కలుపుకుంటోంది. అలా మూడు నెలలు, 3,420 రూపాయలు.

ఆ డబ్బు తరువాతి నెల వచ్చింది. ఈసారి స్లిప్పును బల్ల మీద పరిచి తీసి పంపాడు, హాయిగా చదివాను. "బకాయి 3,420" అని వచ్చే జీతం వైపు వేశారు. దాంతో మొత్తం 21,220 అయింది. వృత్తి పన్ను 200కు ఎగిరింది, ఈఎస్‌ఐ 160 అయింది. వాడి సొంత డబ్బు వాడికి తిరిగిస్తూ, దాన్ని కొత్త సంపాదన కింద లెక్కగట్టి 76 రూపాయలు పట్టారు. తిరిగిచ్చేదాన్ని కోతల వైపు తగ్గింపుగా చూపాలి.

"డెబ్భై ఆరు రూపాయలకు మళ్లీ మెయిలా మామయ్యా?" అన్నాడు మావాడు. పంపమన్నాను, పంపాడు. ఆ డెబ్భై ఆరూ ఇంకా రాలేదు. వచ్చే స్లిప్పు ఫోటో కోసం చూస్తున్నాను.