కేకు మీద కొవ్వొత్తి నిలవాలంటే ముందు దాని మొదలు చూడాలి

ప్రశ్న: “ఫోటో ఎడిటింగ్‌లో కేకు మీద కొవ్వొత్తులు పెడితే ఎప్పుడూ అతికించినట్టే కనిపిస్తున్నాయి. వెలుగు, నీడ సహజంగా రావాలంటే ఏం చేయాలి?”

వెలుగు సంగతి చివర చూసుకోవచ్చు. నా అనుభవంలో పదింట తొమ్మిది ఫోటోలు చెడేది కొవ్వొత్తి కేకును తాకే మొదట్లోనే.

కొన్నేళ్ల క్రితం ఒక బేకరీ యజమాని ఫ్లెక్సీ కోసం తెల్ల క్రీము కేకు ఫోటో పంపి, అయిదు కొవ్వొత్తులు చేర్చమన్నారు. ఆ ఫోటో వాట్సాప్‌లో నలిగి వచ్చింది. అసలు ఫైలు పంపమని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ పంపరు, అది వేరే బాధ. నేను కొవ్వొత్తులు అతికించి, Drop Shadow వేసి, చుట్టూ నారింజ రంగు పులిమి పంపాను. ఆయన ఫ్లెక్సీ ముందు నిలబడి, “ఏమండీ, ఇవి గాల్లో వేలాడుతున్నాయేమిటి?” అన్నారు. నిజమే. Drop Shadow కొవ్వొత్తిని గోడ ముందు వేలాడుతున్న కాగితం బొమ్మలా చూసి, వెనుక గోడ మీద పడాల్సిన నీడను వేస్తుంది. కేకు మీద నిలబడిన వస్తువు నీడ మాత్రం దాని మొదట్లో పుట్టి, కేకు మీద పరుచుకోవాలి.

రెండోసారి మొదటి నుంచి చేశాను. ఆ ఫోటోలో కేకు పైభాగం 900 పిక్సెళ్ల వెడల్పు, 300 పిక్సెళ్ల ఎత్తు ఉన్న కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తోంది, అంటే ఎత్తు వెడల్పులో మూడింట ఒక వంతు. కొవ్వొత్తి అడుగు కూడా అదే నిష్పత్తిలో వంగాలి కాబట్టి, 24 పిక్సెళ్ల వెడల్పున్న కొవ్వొత్తి అడుగును 8 పిక్సెళ్ల ఎత్తుండేలా గుండ్రంగా దిద్దాను. అడుగును అడ్డంగా తిన్నగా కోసి వదిలేస్తే, తక్కిన పని ఎంత బాగా చేసినా కన్ను ఒప్పుకోదు. తరువాత కొవ్వొత్తిని కొంచెం కిందికి దింపి, బొమ్మలో కొంత భాగాన్ని దాచే లేయర్ మాస్క్ మీద చిన్న బ్రష్‌తో అడుగు అంచును ఎగుడుదిగుడుగా చెరిపాను. గుచ్చినప్పుడు క్రీము పక్కలకు ఉబికి, కొవ్వొత్తి ముందు భాగాన్ని కాస్త కప్పేస్తుంది కదా, అది అలా వస్తుంది.

నీడలు రెండు వేశాను. మొదటిది మొదలును ఆనుకుని మూడు నాలుగు పిక్సెళ్ల మేర ఉండే సన్నని చీకటి గీత. దీనికి నలుపు వాడకూడదు. అదే ఫోటోలో క్రీము ముడతల లోతుల్లో ఉన్న మసక గోధుమ రంగును తీసుకుని, కింది రంగును ముదురు చేసే Multiply లేయర్ మీద వేయాలి. రెండోది ఫోటో తీసిన చోటి కిటికీ వెలుగుకు పడే నీడ. దాని దిక్కు, పొడవు ఊహించనవసరం లేదు, ఎందుకంటే కేకు మీది చెర్రీ నీడ వాటిని చూపిస్తూనే ఉంది. చెర్రీ నీడ దాని ఎత్తులో సగం ఉంటే కొవ్వొత్తి నీడ కూడా దాని ఎత్తులో సగమే ఉండాలి. ఆ నీడ మొదట్లో పదునుగా మొదలై, దూరమయ్యేకొద్దీ మసకబారాలి, క్రీము గుట్ట అడ్డొస్తే దాని మీదుగా వంగాలి.

ఇక వెలుగు. నల్లని నేపథ్యంలో తీసిన మంటను, కింది రంగును వెలిగించే Screen మోడ్‌లో పెడితే నలుపు దానంతటదే పోతుంది. మంట కింద మైనం వెలుగును కొంత లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి కొవ్వొత్తి పైకొనను లోపలి నుంచి వెలుగుతున్నట్లు వెచ్చగా చేయాలి. చాలామంది ఇది మరచిపోతారు. కేకు మీద పడే వెలుగుకు ఒక లెక్క ఉంది: మంట క్రీముకు ఎంత ఎత్తులో ఉందో, మొదలు నుంచి అంత దూరం జరిగేసరికి చదునైన క్రీము మీద వెలుగు సుమారు మూడో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఆ వెచ్చదనం చిన్న వలయంలోనే ఉండాలి, ఆ వలయం కూడా కేకు పైభాగంలాగే చప్పిడిగా ఉండాలి. మరొక మాట: మంట కేకు పైన, అంచుకు లోపల ఉంటుంది కనుక, నిలువుగా ఉండే పక్క గోడకు అది అసలు కనిపించదు. నేను మొదటిసారి ఆ గోడ మీదికి కూడా నారింజ రంగు పులిమాను, అబద్ధం అక్కడే బయటపడింది.

పైగా పట్టపగటి కిటికీ వెలుగులో కొవ్వొత్తి కాంతి కేకు మీద దాదాపు కనిపించదు. వెలుగు కనిపించి తీరాలంటే ముందు ఫోటో మొత్తాన్ని చీకటి చేసి, కిటికీ నీడను పలుచన చేయాలి. ఆ యజమాని పగలే కావాలన్నారు కాబట్టి వెలుగును ఉందా లేదా అన్నంత మేరకే ఉంచాను. చివర కొవ్వొత్తులను అర పిక్సెల్ మేర మసకబరిచి, ఫోటోలో ఉన్న సన్నని చుక్కల గరుకునే వాటికీ చేర్చాను. నలిగిన ఫోటో మీద పదునైన కొవ్వొత్తి పరాయిదానిలా కనిపిస్తుంది.

రెండో ఫ్లెక్సీ చూసి ఆయన మొదళ్ల గురించి ఏమీ అనలేదు. “మంటలు ఇంకొంచెం పెద్దవి చేయకూడదా?” అన్నారు. చేసి ఇచ్చాను, డబ్బులిచ్చేది ఆయనే కదా.