కుడి ఇండికేటర్ గబగబా కొట్టుకోవడం, హారన్ మోగకపోవడం, గేరు వేస్తే ఇంజన్ ఆగడం: వైరింగ్ మొత్తం మార్చాలా?

ప్రశ్న: 125 సీసీ బండి. ప్రెషర్ వాటర్‌తో కడిగించిన దగ్గర్నుంచి మూడు సమస్యలు. కుడి ఇండికేటర్ రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది, ఎడమది బాగానే ఉంది. హారన్ నొక్కితే టక్కుమంటుంది తప్ప మోగదు. న్యూట్రల్‌లో ఇంజన్ చక్కగా నడుస్తుంది, సైడ్ స్టాండ్ తీసి ఫస్ట్ గేరు వేయగానే ఆగిపోతుంది, ఒక్కోసారి ఆగదు. వైరింగ్ మొత్తం మార్చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: అక్కర్లేదండీ. దేన్నైనా విప్పేముందు, ఇప్పటికీ పనిచేస్తున్నవి ఏం చెబుతున్నాయో చూడండి. ఎడమ ఇండికేటర్ సరైన వేగంతో కొట్టుకుంటోందంటే బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్, ఇండికేటర్లను కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ రిలే బాగున్నట్టే. హారన్ టక్కుమంటోందంటే దాని ఫ్యూజు కూడా పోలేదు. కాబట్టి ఇవి మూడు చోట్ల ఉన్న మూడు చిన్న లోపాలు. మూడింటికీ నీళ్లే కారణం కావచ్చు గానీ, వెతకడం మాత్రం విడివిడిగానే.

ఇండికేటర్‌తో మొదలుపెడదాం, అదే తేలిక. మామూలు బల్బు 12 వోల్టులు, 10 వాట్లది, అంటే సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది. ఒక వైపు ముందూ వెనకా కలిపితే 1.7 దాకా వస్తుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ రిలేలు చాలావరకు ఈ కరెంటును చూసే వేగం నిర్ణయించుకుంటాయి. ఒక బల్బు పోతే కరెంటు సగమై వేగం పెరుగుతుంది. అందుకే కుడి స్విచ్ వేసి ముందూ వెనకా రెండూ వెలుగుతున్నాయేమో చూడండి. వెలగని బల్బు తీసి ఎడమవైపు హోల్డర్‌లో పెట్టండి. అక్కడ వెలిగితే బల్బు మంచిదే, లోపం కుడి హోల్డర్‌లోనో దాని ఎర్త్ వైరులోనో ఉంది. హోల్డర్ అడుగున పచ్చటి చిలుము పట్టి ఉంటే సన్నటి ఎమెరీ పేపర్‌తో గీకి, అణిగిపోయిన రేకును కాస్త పైకి లేపండి.

రెండూ వెలుగుతున్నా ఒకటి మసకగా ఉంటే ఎర్త్‌ను అనుమానించండి. బ్రేకు నొక్కినప్పుడు వెనక ఇండికేటర్ కూడా లీలగా వెలిగిందంటే టెయిల్ ల్యాంపు, ఇండికేటర్ కలిసి వాడుకునే ఎర్త్ వదులైందని దాదాపు ఖాయం. ఒకవేళ కుడివైపు ఎవరైనా ఎల్ఈడీ బల్బు గానీ 5 వాట్ల బల్బు గానీ వేసి ఉంటే, లోపం ఏమీ లేకపోయినా వేగం పెరుగుతుంది. సరైన బల్బు వేస్తే చాలు.

హారన్ దగ్గర చాలామంది పొరబడేది మల్టీమీటర్‌ను నమ్మి. హారన్ వైర్లు ఊడదీసి, వాటి మధ్య మీటరు పెట్టి, బటన్ నొక్కితే 12 వోల్టులు కనిపిస్తాయి, దాంతో హారనే పోయిందనుకుని కొత్తది కొంటారు. కొత్తదీ మోగదు. మీటరు దాదాపు కరెంటు లాగదు కాబట్టి చిలుము పట్టిన కాంటాక్టు గుండా కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. హారన్ 3 ఆంపియర్లు లాగుతుందనుకుంటే దాని నిరోధం సుమారు 4 ఓములు. దారిలో చిలుము వల్ల ఇంకో 2 ఓములు చేరితే కరెంటు 2 ఆంపియర్లకు పడిపోతుంది, హారన్‌కు అందేది 8 వోల్టులే. దాంతో హారన్ లోపల కదిలి చప్పుడు చేసే రేకు, డయాఫ్రమ్, ఒకసారి టక్కుమని కదిలి ఊరుకుంటుంది. మీరు చెప్పిన చప్పుడు దీనికి బాగా సరిపోతుంది.

ముందు హారన్‌ను వేరు చేసి, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైర్లతో నేరుగా బ్యాటరీకి ఒక సెకను తగిలించండి. గట్టిగా మోగితే హారన్ బాగున్నట్టే. తిరిగి తగిలించి, బటన్ నొక్కి ఉంచి, హారన్ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూడండి. మోగుతున్నప్పుడు రీడింగ్ కాస్త ఊగుతుంది, అది సహజమే. 11 కంటే బాగా తక్కువుంటే దారిలో ఎక్కడో వోల్టేజీ పోతోంది.

ఎక్కడ పోతోందో చూడాలంటే మీ బండిలో బటన్ ఏ వైపు ఉందో తెలియాలి. హారన్ వైర్లు ఊడదీసి, తాళం ఆన్ చేసి, బటన్ నొక్కకుండానే వాటిలో ఒకదానికి 12 వోల్టులు వస్తుంటే, బటన్ ఎర్త్ వైపు ఉన్నట్టు. అప్పుడు ఆ వైరును మాత్రం తిరిగి తగిలించి, హారన్ రెండో టెర్మినల్‌ను ఇంకో వైరుతో బ్యాటరీ నెగటివ్‌కు తాకించండి. మోగితే లోపం బటన్‌లోనో దాని వైరులోనో ఉంది. హారన్ రెండో వైరు కూడా తగిలించి, బటన్ నొక్కి ఉంచి దాని రెండు వైర్ల మధ్య కొలిస్తే అర వోల్టు కూడా ఉండకూడదు. 3, 4 వోల్టులు కనిపిస్తే స్విచ్ విప్పి కాంటాక్టు రేకులను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. విప్పేటప్పుడు లోపలి చిన్న స్ప్రింగు ఎగిరిపోతుంది, కింద గుడ్డ పరచుకోండి.

నేరుగా ఇచ్చినా మోగకపోతే మాత్రమే హారన్ వెనక ఉన్న సర్దుబాటు స్క్రూ జోలికి వెళ్లండి. ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టే తిప్పాలి. మధ్యలో ఉన్న పెద్ద నట్టును ముట్టుకోవద్దు.

ఇక సైడ్ స్టాండ్ స్విచ్, అంటే స్టాండ్ వేసి ఉండగానే గేరు వేస్తే ఇంజన్‌ను ఆపేసే కట్-ఆఫ్. మూడింట్లో ప్రమాదకరమైనది ఇదే, ట్రాఫిక్ మధ్యలో ఇంజన్ ఆపేస్తుంది. ముందుగా ఆగే తీరు గమనించండి. తాళం ఆఫ్ చేసినట్టు ఠక్కున ఆగితే కట్-ఆఫ్ పని. వణుకుతూ, గింజుకుంటూ ఆగితే క్లచ్ సర్దుబాటో ఐడ్లింగో చూడాలి. స్టాండ్ పూర్తిగా పైకి వెళ్తోందా, అది తిరిగే పివట్ దగ్గర మట్టి గడ్డకట్టిందా, స్ప్రింగు సాగిందా చూడండి. స్టాండ్ కాస్త కిందికి వేలాడినా స్విచ్‌కు అది వేసి ఉన్నట్టే.

అక్కడ బాగుంటే స్విచ్ వైరు వెంట వెళ్లి, వైర్లను కలిపే కప్లర్ పట్టుకోండి, ఎన్ని వైర్లున్నాయో లెక్కపెట్టండి. రెండే ఉంటే కప్లర్ ఊడదీసి ఓములు కొలవండి. చాలా బండ్లలో స్టాండ్ పైకి ఉన్నప్పుడు సున్నాకు దగ్గరగా, వేసినప్పుడు సర్క్యూట్ తెగినట్టు చూపాలి. కొన్నింట్లో ఇది తలకిందులుగా ఉంటుంది. ముఖ్యమైంది తేడా స్పష్టంగా ఉండడం. మీకు ఒక్కోసారే ఆగుతోంది కాబట్టి స్టాండ్ పైకి ఉంచి, మీటరు చూస్తూ, పివట్ దగ్గర వంపు తిరిగే చోట వైరును అటూ ఇటూ కదపండి. రీడింగ్ ఎగిరిపడితే పైతొడుగు బాగున్నా లోపల తీగలు తెగాయి. రీడింగ్ నిలకడగా ఉంటే కప్లర్ పిన్నుల్లో నీళ్లు, చిలుము వెతకండి.

మూడు వైర్లుంటే అది చాలావరకు హాల్ సెన్సరే, స్టాండ్‌లోని అయస్కాంతాన్ని పసిగడుతుంది. దీన్ని ఓములతో కొలవకూడదు. వైర్లను ఒకదానికొకటి కలపనే కూడదు, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఇచ్చే సరఫరా ఎర్త్‌కు తగిలి దెబ్బతినవచ్చు. కప్లర్ తగిలించే ఉంచి, తాళం ఆన్ చేసి, వెనకనుంచి సన్నటి సూదితో కొలవండి. ఒకదాంట్లో స్థిరమైన సరఫరా, ఒకదాంట్లో ఎర్త్, మూడోదాంట్లో స్టాండ్ కదిలినప్పుడు మారే వోల్టేజీ ఉండాలి. మొదటి రెండూ ఉండి మూడోది మారకపోతే, సెన్సర్ మార్చేముందు అయస్కాంతం ఊడిపోయిందేమో చూడండి.

రెండు వైర్ల స్విచ్‌ను, స్టాండ్ పైకి ఉన్నప్పుడు కలిసే రకమని తేలితే, చిన్న వైరుతో కలిపి పరీక్షించవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో ఉన్నప్పుడు మాత్రమే. అలా కలిపేసి బండి నడపకండి. స్టాండ్ తీయడం మరిచిపోయి ఎడమ మలుపులో వంగితే అది రోడ్డుకు తగిలి బండిని లేపి పడేస్తుంది.

కొత్త స్విచ్ బిగించేటప్పుడు స్టాండ్ పూర్తిగా వేసినా, తీసినా వైరు బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచి, సైలెన్సర్‌కు, చైనుకు దూరంగా టై వేయండి. చాలా స్విచ్‌లు నీళ్లకంటే ముందు ఆ వంపు దగ్గరే పోతాయి.