రోజుకి ఎంత పడుతోందో చూసి రీచార్జి చెయ్యి

చిన్నీ,

ఆశీస్సులు. ఇంట్లో నాలుగు ఫోన్లకీ రీచార్జి చూసే పని నీ మీద పడిందని, 299 ప్లాన్ వెయ్యాలా 319 ప్లాన్ వెయ్యాలా తేలడం లేదని రాశావు. నువ్వు పంపిన పట్టికలో ధర పెద్ద అక్షరాల్లో ఉంది, రోజులు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. నువ్వు ముందు చూడాల్సింది ఆ చిన్న అక్షరాలే.

నేను వాడే అంకెలు చాలావరకు 2024 జులైలో ధరలు పెరిగాక జియో పెట్టినవి. నువ్వు రీచార్జి చేసే రోజుకి అవి మారి ఉండొచ్చు. అప్పుడు కొత్త అంకెలతో ఇదే లెక్క వేసుకో.

299 ప్లాన్ 28 రోజులు నడుస్తుంది, రోజుకి ఒకటిన్నర జీబీ. 319 ప్లాన్‌కీ అంతే డేటా, కానీ అది క్యాలెండర్ నెల. అంటే 5వ తేదీన వేస్తే మళ్లీ వచ్చే నెల 5నే. చూడగానే ఇరవై రూపాయలు ఎక్కువ అనిపిస్తుంది. ఇప్పుడు ఏడాదికి లెక్క కట్టు. 28 రోజుల ప్లాన్ ఏడాదికి పన్నెండుసార్లు సరిపోదు, పదమూడుసార్లు వెయ్యాలి. 299ని 13తో గుణిస్తే 3887. అయినా 364 రోజులే వస్తాయి. 319ని 12తో గుణిస్తే 3828, ఏడాది మొత్తం గడుస్తుంది. ఎక్కువ ధర కనిపించిన ప్లానే 59 రూపాయలు తక్కువకి వచ్చింది, పైగా ఒక రోజు మిగిలింది. జీతం పడే తేదీకి కలిసేలా పెట్టుకుంటే గడువు కూడా గుర్తుంటుంది. ఇలా ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ కనీసం ఒకటి, 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటి ప్రతి కంపెనీ ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలోనే ఆదేశించింది. కాబట్టి ఏ కంపెనీలో అయినా వెతుకు. మొదటి పేజీలో కనిపించకపోతే కిందికి జరిపి చూడు.

ఇక పద్ధతి. కాగితం మీద ప్లాన్ ధర, రోజులు పక్కపక్కన రాసి, ధరని రోజులతో భాగించు. ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా కలపక్కర్లేదు. పేమెంట్ యాప్ వేసే రూపాయో రెండో ఫీజు ఉంటే మాత్రం కలుపు. కంపెనీ సొంత యాప్‌లో వేస్తే సాధారణంగా అది ఉండదు. ఏడాదికి పదమూడుసార్లు వేసేవాళ్లకి ఆ రూపాయలు కూడా కూడుతాయి.

రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చేవాటినే తీసుకుందాం. 299ని 28తో భాగిస్తే రోజుకి 10 రూపాయల 68 పైసలు. అదే డేటాతో 84 రోజుల ప్లాన్ 799, అంటే రోజుకి 9 రూపాయల 51 పైసలు. 299 మూడుసార్లు వేస్తే 897 అవుతుంది, కాబట్టి 84 రోజులకి 98 రూపాయలు మిగులుతాయి. ఇప్పుడు ఏడాది ప్లాన్ చూడు. 3599కి 365 రోజులు, రోజుకి 9 రూపాయల 86 పైసలు. అందరూ ఏడాది ప్లానే చవక అనుకుంటారు, ఇక్కడ 84 రోజుల ప్లాన్ కంటే రోజుకి 35 పైసలు ఎక్కువ పడింది. ఎందుకంటే అందులో రోజుకి రెండున్నర జీబీ ఉంది, ఆ అదనపు డేటాకి ధర కలిసింది. నీకు ఆ డేటా అక్కర్లేకపోతే మూడు నెలలకోసారి గుర్తుపెట్టుకోనక్కర్లేదన్న సుఖం తప్ప డబ్బులో లాభం లేదు.

ఇంకొక మోసపోయే చోటు 336 రోజుల ప్లాన్లు. చాలామంది వాటిని ఏడాది ప్లాన్లనే అనుకుంటారు. అది పన్నెండు ఇరవై ఎనిమిదులు, ఏడాదికి 29 రోజులు తక్కువ. ప్లాన్ చెడ్డదని కాదు. 365తో కాకుండా 336తోనే భాగించు, అప్పుడే అసలు ధర తెలుస్తుంది.

రోజు ఖర్చు తేలాక డేటా దగ్గరికి రా. ఇక్కడ చాలామంది ఒక జీబీకి ఎంత పడుతోందని భాగిస్తారు. ఆ లెక్కలో చాలాసార్లు పెద్ద ప్లానే గెలుస్తుంది. 299లో మొత్తం 42 జీబీ, జీబీకి 7 రూపాయల 12 పైసలు. 349లో రోజుకి 2 జీబీ చొప్పున 56 జీబీ, జీబీకి 6 రూపాయల 23 పైసలు. కానీ రోజువారీ డేటా అర్ధరాత్రికి పోతుంది. ఈరోజు మిగిలిన జీబీ రేపటికి కలవదు. వాడని జీబీ ఎంత చవకైతే మాత్రం నీకేం వచ్చింది? అందుకని ముందు మీ వాళ్లు నిజంగా ఎంత వాడుతున్నారో చూడు.

ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం చూపించే చోటు ఉంటుంది. అక్కడ మొబైల్ డేటా అంకె వేరు, వైఫై అంకె వేరు. వైఫైది చూసి ‘అమ్మో, నెలకి ముప్పై జీబీ’ అని కంగారుపడి పెద్ద ప్లాన్ వేసేవాళ్లు ఉన్నారు. మొబైల్ డేటా అంకె మాత్రమే రాసుకో. రోజువారీ ప్లాన్ అయితే నెల మొత్తం చాలదు, ఏ రోజు ఎంతో కూడా తెలియాలి. వారం పాటు రాత్రి పదకొండింటికి కంపెనీ యాప్ తెరిచి ఆ రోజుకి ఎంత మిగిలిందో రాసుకో. ఏడు రోజుల్లో ఐదు రోజులు జీబీ పైన మిగులుతుంటే ఆ ప్లాన్ మీకు ఎక్కువైనట్టే. సాయంత్రం ఆరుకే అయిపోతుంటే తక్కువైనట్టు. డేటా అయిపోతే నెట్ పూర్తిగా ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. వాట్సాప్ మెసేజ్‌లు మెల్లగా వెళ్తాయి, వీడియో కదలదు, కొట్లో యూపీఐ తిరుగుతూనే ఉంటుంది.

మీ అమ్మ ఫోన్ సంగతి ఇలా చూడు. ఇంట్లో వైఫై ఉంది, బయటికి వెళ్తే వాట్సాప్, అప్పుడప్పుడు యూపీఐ. ఆమె మొబైల్ డేటా నెలకి రెండు జీబీ లోపే ఉంటే రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్ దండగ. 84 రోజులకి మొత్తం 6 జీబీ ఇచ్చే ప్లాన్ 479కి ఉండేది, రోజుకి 5 రూపాయల 70 పైసలు. 799తో పోలిస్తే 320 రూపాయల తేడా. వైఫై పోయిన రోజు 19 రూపాయల ఒక జీబీ వోచర్ వేసుకుంటుందనుకో, 84 రోజుల్లో 16 రోజులు అలా పోయినా చిన్న ప్లానే లాభం. ఇలాంటి ప్లాన్లు పేమెంట్ యాప్ మొదటి వరుసలో దొరకవు, వేరే ట్యాబ్‌లోనో కంపెనీ యాప్‌లోనో ఉంటాయి.

ఇందులో రెండు జాగ్రత్తలు. మొదటిది, మొత్తం డేటా ప్లాన్‌కి రోజు హద్దు ఉండదు కాబట్టి ఒక్క రోజులోనే అంతా అయిపోవచ్చు. వైఫై పోయిన సంగతి గమనించకుండా సీరియల్ చూసినా, ఫొటోల బ్యాకప్ మొబైల్ డేటాలో నడిచినా మూడు నెలల డేటా సాయంత్రానికి ఉండదు. ప్లాన్ మార్చేముందే వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపి, యాప్ అప్‌డేట్లు, ఫొటో బ్యాకప్ వైఫైలోనే జరిగేలా పెట్టు. రెండోది, వోచర్ గడువు. ఒకప్పుడు 19 రూపాయల వోచర్ అసలు ప్లాన్ ఉన్నన్నాళ్లూ ఉండేది. 2024 డిసెంబర్‌లో జియో దాన్ని ఒక్క రోజుకి కుదించింది. వేసే ముందు వోచర్ కింద ఎన్ని రోజులుందో చదువు. ముందే కొని దాచుకుందాం అంటే కుదరదు.

నాయనమ్మది మీటల ఫోన్. ఆమెకి డేటాతో పనే లేదు. ఇలాంటివాళ్ల కోసం మాటలు, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్ తేవాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన పెట్టింది. ఆ తర్వాత ఎయిర్‌టెల్ 84 రోజులకి 469, 365 రోజులకి 1849 పెట్టింది. మొదటిది రోజుకి 5 రూపాయల 58 పైసలు, రెండోది 5 రూపాయల 7 పైసలు. ఇక్కడ మాత్రం నేను ఏడాదిదే వెయ్యమంటాను. ఆమె నంబర్ మార్చదు, కంపెనీ మార్చదు, గడువు తేదీ గమనించుకోలేదు. గడువు దాటితే ముందు బయటికి కాల్ వెళ్లదు, కొన్ని రోజులకి లోపలికీ రాదు. పింఛను, బ్యాంకు మెసేజ్‌లు వచ్చే నంబర్ అది.

తమ్ముడి సంగతి వేరు. వాడిది ఫైవ్‌జీ ఫోన్, హాస్టల్లో వైఫై లేదు. 2024 జులై నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకి 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే అపరిమిత ఫైవ్‌జీ ఇచ్చాయి. అందువల్ల వాడికి 299 కంటే 349 మేలు కావచ్చు, అదీ వాడి గదిలో ఫైవ్‌జీ గుర్తు నిలబడితేనే. వీధిలో వచ్చి గదిలో రాకపోతే ఫోర్‌జీయే వాడుకుంటాడు, రోజువారీ హద్దు మళ్లీ వచ్చేస్తుంది. 84 రోజుల్లో అదే 2 జీబీ ప్లాన్ 859, రోజుకి 10 రూపాయల 23 పైసలు, 349 అయితే 12 రూపాయల 46 పైసలు. తేడా బాగానే ఉంది, కానీ వెంటనే వెయ్యకు. ఆ హాస్టల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో తెలియదు కదా. ముందు ఒక 28 రోజులు వేసి చూడమను. పెద్ద ప్లాన్ వేసి యాభయ్యో రోజున వేరే కంపెనీకి పోర్ట్ అయితే మిగిలిన 34 రోజులు పోయినట్టే, దాదాపు 348 రూపాయలు. మూడు నెలలకి 188 మిగులుతుందని వేసి 348 పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ప్లాన్‌తో సినిమా యాప్ ఉచితం అని ఉంటే దానికి నీ లెక్కలో సున్నా వెయ్యి. విడిగా డబ్బు కట్టి చూసేదైతేనే ఆ డబ్బు తగ్గించు. చాలాసార్లు అది ఫోన్ తెరకే పరిమితం, టీవీలో రాదు, గడువు కూడా ప్లాన్ గడువు కంటే తక్కువ ఉండొచ్చు.

అమ్మ ఫోన్లో ఈ వారం మొబైల్ డేటా ఎంత అయిందో, తమ్ముడి గదిలో ఫైవ్‌జీ నిలబడుతోందో లేదో చూసి రాయి. నాయనమ్మది మాత్రం ఆగకుండా గడువు లోపలే వేసెయ్యి.

మీ బాబాయి